పలకరింపులో పనితనం

"ఆకాశవాణి. వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్."

ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు విన్న తరానికి ఈ రెండు ముక్కలు చాలు. మిగతాది చెవిలో దానంతటదే మోగుతుంది. చదివేవారి పేరు మారేది. ఒకరోజు పన్యాల రంగనాథరావు, ఇంకోరోజు మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి. వరస మాత్రం మారేది కాదు. అందులో నమస్కారం లేదు, క్షేమసమాచారం లేదు, 'మీరు' అన్న మాట కూడా లేదు. అయినా తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పేర్లు తెలియని ఇల్లు ఉండేది కాదు. ముఖం ఎన్నడూ చూడని మనుషుల పేర్లవి.

ఆ వాక్యం కట్టిన తీరు ఒకసారి చూడండి. మామూలుగా అయితే 'అద్దంకి మన్నార్ వార్తలు చదువుతున్నారు' అనాలి. అలా అంటే అది సమాచారం. పేరును చివరికి తీసుకెళ్ళి 'చదువుతున్నది అద్దంకి మన్నార్' అనేసరికి అది జవాబు అయింది. తలుపు తట్టినప్పుడు లోపలివాళ్ళు 'ఎవరది?' అంటారు, బయటివాళ్ళు పేరు చెబుతారు. ఇక్కడ ప్రశ్న మనం అడగకుండానే జవాబు వచ్చింది కాబట్టి, ప్రశ్న మనమే అడిగినట్టు చెవి నమ్ముతుంది. ఇదే ఆకాశవాణి హిందీ వార్తల్లో 'ఇప్పుడు మీరు ఫలానావారి నుంచి సమాచారం వినండి' అన్న పద్ధతిలో మొదలయ్యేది. అది వినేవాడికి పని పురమాయిస్తుంది. తెలుగు వాక్యం ఏమీ పురమాయించదు. తన పేరు చెప్పుకుని లోపలికి వస్తుంది, అంతే.

'ఆకాశవాణి' తరువాత వచ్చే ఆ చిన్న ఆగుడు కూడా గమనించాల్సిందే. పాత వాల్వు సెట్లు స్విచ్ వేయగానే పలికేవి కావు. లోపల వేడెక్కడానికి అర నిమిషం దాకా పట్టేది. ఆ తరువాత ముల్లు తిప్పి స్టేషను వెతుక్కోవాలి. గురగురల మధ్య నుంచి వచ్చే ఒక్క మాట, దాని తరువాత కాస్త నిశ్శబ్దం ఉంటే 'దొరికింది' అని చేతికి తెలుస్తుంది. మీడియం వేవ్‌లో సన్నటి శబ్దాలు చాలావరకు పోతాయి కాబట్టి అనౌన్సర్లు హల్లుల్ని నొక్కి, తీరిగ్గా పలికేవారు. ఆ తీరికలో ఒక మర్యాద వినిపించేది. అది సగం సాంకేతిక అవసరం, సగం గొంతు సంస్కారం. రెంటినీ విడదీయడం నాకు చేతకాదు, అవసరమూ లేదనిపిస్తుంది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 837 కిలోహెర్ట్జ్, అంటే 358 మీటర్లు. తెనాలి పక్కనున్న నందివెలుగు లాంటి ఊరికి విజయవాడ దగ్గరే కాబట్టి ఆ గొంతు స్పష్టంగా వచ్చేది. కానీ అప్పట్లో దాన్ని ఎవరూ ఒంటరిగా వినలేదు. పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టిన రేడియో ముందు ఊరు కూర్చునేది. తరువాత ఇంటికొక సెట్టు వచ్చింది, ఇంటిల్లిపాదీ విన్నారు. ట్రాన్సిస్టర్ వచ్చాక రైతు దాన్ని పొలం గట్టు మీద పెట్టుకుని ఒక్కడే విన్నాడు. ఇప్పుడు తెనాలి స్టేషనులో రైలు కోసం నిలబడ్డ కుర్రాడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. పక్కవాడికి కూడా అది వినబడదు. డెబ్భై ఏళ్ళలో వినేవాళ్ళ లెక్క ఊరి నుంచి ఒక్కడికి దిగింది. పలకరింపులో ఉన్న పనితనమంతా ఈ లెక్కతో కుస్తీ పట్టడమే అని నా అభిప్రాయం. మైకు ముందున్న మనిషికి తాను మాట్లాడేది వేలమందితో అని తెలుసు. వినేవాడికి మాత్రం తానొక్కడే అనిపించాలి. బ్రిటిష్ పండితుడు ప్యాడీ స్కానెల్ 2000లో రాసిన ఒక వ్యాసంలో దీన్నే విడమరిచాడు. ప్రసారం ఎవరికైనా చెందుతుంది, అయినా నాకే చెబుతున్నట్టు ఉంటుంది, దాని కట్టడంలోనే ఆ రెండూ కలిసి ఉన్నాయని ఆయన వాదన.

ఈ కుస్తీలో తెలుగువాడికి భాష ఇచ్చిన సాయం చాలా పెద్దది. మనకు 'మీరు' ఉంది. పెద్దమనిషి ఒక్కరినీ మీరు అంటాం, పదిమందినీ మీరు అంటాం. 'ఈపాటికి మీరు భోంచేసి ఉంటారు' అని రేడియోలో అంటే, పంచాయతీ ఆఫీసు ముందున్న ఊరంతా తమకే అనుకుంటుంది, పొలం గట్టు మీది రైతూ తనకే అనుకుంటాడు. లెక్క తేల్చకుండా వదిలేసిన మాట అది. అందుకే దాని పక్కన ఇంకొక్క మాట చేరినా పని చెడుతుంది. 'మీ అందరికీ నమస్కారం' అనగానే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడు గుంపులో ఒకడైపోతాడు. ఇంకొందరు ఎక్కడో ఉన్నారని అతనికి గుర్తుచేసింది మనమే. 'శ్రోతలకు నమస్కారం' అంటే దూరం మరికాస్త పెరుగుతుంది. అక్కడ 'మీరు' కూడా పోయింది. శ్రోతలు అనే ఎవరో ఉన్నారు, వాళ్ళకు నమస్కారం అందించమని ఎవరికో చెప్పినట్టు ఉంటుంది. సభలో వక్త అలా అనడం సబబే, ఎందుకంటే సభ కళ్ళెదుట ఉంది. గదిలో మైకు ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి అలా అంటే, లేని సభను ఊహించుకుంటున్నాడని వినేవాడికి తెలిసిపోతుంది. 'నమస్కారమండీ' అని ఊరుకుంటే చాలు. ఆ 'అండీ' ఎక్కువగా ఎదుటి ఒక్కరితో అనే మాట.

రెండో సాయం 'మనం'. 'ఈరోజు మేము మీకు వినిపించబోయేది' అంటే బల్లకు అటు వాళ్ళు, ఇటు మీరు. 'ఈరోజు మనం మాట్లాడుకుందాం' అంటే బల్లే లేదు. అయితే ఈ మాటను తొందరపడి వాడితే తేలిపోతుంది. రేడియోలో ఒకరే మాట్లాడతారు, వినేవాడు మాట్లాడలేడు. మొదటి వాక్యంలోనే 'మాట్లాడుకుందాం' అని, తరువాత ఇరవై నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తానే మాట్లాడితే ఆ 'మనం' అబద్ధమైంది. వినేవాడికి ఎక్కడో ఒకచోట వంతు ఇవ్వాలి. ఆ వంతు ఎలా ఇస్తారన్నదే ఈ విద్యలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం.

మన ఊళ్ళలో పలకరింపు అంటే ప్రశ్న. 'బాగున్నారా?', 'భోంచేశారా?', 'ఎప్పుడొచ్చారు?' శుభోదయం అని ఎవరూ గుమ్మంలో అనరు. రేడియోవాళ్ళూ ఈ ప్రశ్ననే తెచ్చుకున్నారు, చాలామంది దాన్ని అక్కడే పాడుచేశారు. 'నమస్కారం ఎలా ఉన్నారు ఈరోజు మన కార్యక్రమంలో' అని ఒక్క ఊపిరిలో లాగేస్తే, ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదని చెప్పేసినట్టే. మనుషులు ఎదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు. పది భాషల మీద చేసిన ఒక పరిశోధన 2009లో ఈ లెక్క తేల్చింది. ఆ తరువాత 'ఆ, బాగున్నామండీ' అని మనసులో అనుకోవడానికి ఇంకో సెకను. అంటే 'బాగున్నారా?' తరువాత సెకనుకు పైగా ఖాళీ ఉండాలి. చేతి గడియారంలో అది లెక్కలోకి రాదు. మైకు ముందు అదే సెకను చాలా పొడుగు అనిపిస్తుంది, స్టేషను ఆగిపోయిందనుకుంటారేమోనని గుండె కొట్టుకుంటుంది. అనుభవం లేనివాళ్ళు అక్కడే తొందరపడతారు. పాడ్‌కాస్ట్ చేసేవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు. చక్కగా ఆగి మాట్లాడతారు, ఎడిటింగ్‌లో ఆ ఖాళీని కత్తిరించేస్తారు.

ఆగడం సగం పని. వచ్చిన జవాబును అందుకున్నట్టు కనిపించడం మిగతా సగం. దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ నమూనా మన భాషలోది కాదు, బీబీసీది. 1950 జనవరి 16న 'లిజన్ విత్ మదర్' అని చిన్నపిల్లల కార్యక్రమం మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పావుకు వచ్చేది. కథ చెప్పే జూలియా లాంగ్ మొదట 'హాయిగా కూర్చున్నారా?' అని అడిగేది. కాస్త ఆగేది. 'అయితే మొదలుపెడతాను' అనేది. రాసుకున్నది కాదు, అనుకోకుండా నోట వచ్చిందని చెబుతారు. ఆ తరువాత అదే కార్యక్రమానికి ముద్ర అయిపోయింది. పనితనమంతా ఆ 'అయితే'లో ఉంది. అవతలి పాప ఏం చెప్పిందో జూలియా లాంగ్‌కు తెలిసే వీల్లేదు. కానీ 'అయితే' అన్నది ముందున్న మాటను పట్టుకునే మాట. అది వచ్చిందంటే జవాబు వచ్చిందని, ఆవిడ విన్నదని, దాన్నిబట్టే కథ మొదలవుతోందని అర్థం. పాప కాళ్ళు సర్దుకుని కూర్చుంటుంది. కూర్చోవడమే ఆ పాప ఇచ్చిన జవాబు.

తెలుగు పిల్లలకు ఇదే పని వేరే దారిన జరిగింది. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. అక్కడ పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తమ పేర్లు పక్కనపెట్టి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు, తరువాత హైదరాబాదు వెళ్ళారు. అన్నయ్య అన్నది ఒక్కరికే చెందే వరస కాదు, ఒక ఇంట్లో నలుగురు పిల్లలుంటే నలుగురికీ అన్నయ్యే. కానీ నలుగురిలో ప్రతి ఒక్కరికీ 'మా అన్నయ్య'. వేలమందిని ఒక్కరుగా చేసే లెక్కను ఆ వరస తనలోనే దాచుకుంది. ఇక అన్నయ్య 'మీ అందరికీ' అన్నా దూరం పెరగదు. చుట్టరికంలో బహువచనం గుంపు కాదు, ఇల్లు. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో రతన్ ప్రసాద్ 'చిన్నక్క'గా రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నది ఇదే దారిలో. గమనించండి, పెద్దక్క కాదు, చిన్నక్క. పెద్దక్కకు కాస్త భయపడాలి. చిన్నక్కతో ఏదైనా చెప్పుకోవచ్చు.

అమీన్ సయానీ కూడా చుట్టరికాన్నే పట్టుకున్నాడు. ఆయన నడిపిన బినాకా గీత్‌మాలా రేడియో సిలోన్‌లో 1952 డిసెంబరులో మొదలైంది. సభల్లో ఎప్పుడూ అన్నదమ్ములు ముందు, అక్కచెల్లెళ్ళు తరువాత. ఆయన దాన్ని తిప్పి 'బెహనో ఔర్ భాయియో' అన్నాడు. ఆ కాలంలో ఇంట్లో రేడియో దగ్గర ఎక్కువసేపు ఉన్నది ఎవరో ఆలోచిస్తే, ఆ తిప్పడం వట్టి మర్యాద కాదని తెలుస్తుంది. అలవాటైన వరసను ఒక చోట తిరగేస్తే చెవి తల తిప్పుతుంది. ఎవరిని ముందు పిలిచారో వాళ్ళకు, తమను ఎవరో చూశారనిపిస్తుంది. దశాబ్దాల పాటు ఆయన ఆ పిలుపు మార్చలేదు. పలకరింపులో కొత్తదనం వెతికేవాళ్ళకు ఇది తెలియాలి. వారం వారం మారే పలకరింపు ముచ్చటగా ఉంటుందేమో కానీ, మనిషిని గుర్తుపట్టేది మారని దాన్నిబట్టే.

చుట్టరికం చేసే పనిని ఊరి పేరు కూడా చేయగలదు. విజయవాడ కేంద్రంలో ఉషశ్రీ 'ధర్మసందేహాలు' ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. అది ఉత్తరాల మీద నడిచిన కార్యక్రమం. పాటల కోరికల కార్యక్రమాల్లోనూ అంతే, రాసినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ చదివేవారు. ఊరి పేరు రేడియోలో పలకడం వల్ల జరిగేది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మనిషి పేరు చెబితే అది ఒక్కడిది. 'ఆంధ్రదేశంలోని శ్రోతలు' అంటే ఎవరిదీ కాదు. నందివెలుగు అంటే ఆ ఊళ్ళో అందరిదీ. పక్కనున్న కొల్లిపరవాళ్ళు, దుగ్గిరాలవాళ్ళు కూడా, మనవైపు మాట వచ్చిందని తలెత్తుతారు. పలకరింపుకు కావలసిన కొలత అదే. మరీ చిన్నదైతే మిగతావాళ్ళు బయట ఉండిపోతారు, మరీ పెద్దదైతే లోపలికి ఎవరూ రారు.

ఇప్పుడొక నమూనా కట్టి చూద్దాం. నందివెలుగులో ఒక అమ్మాయి ఫోన్లో పసుపు పంట మీద పాడ్‌కాస్ట్ చేస్తోందనుకోండి. సాధారణంగా ఇలా మొదలుపెడుతుంది: 'ప్రియమైన శ్రోతలందరికీ శుభోదయం, నందివెలుగు కబుర్లు పాడ్‌కాస్ట్‌కు మీ అందరికీ హృదయపూర్వక స్వాగతం, నేను మీ ఫలానా, ఈనాటి ఎపిసోడ్‌లో మేము మీకు పసుపు సాగు గురించి వివరించబోతున్నాం.' ఇందులో అబద్ధం ఏమీ లేదు, మర్యాదకూ లోటు లేదు. అయినా వినేవాడు ఇంకా బయటే నిలబడి ఉన్నాడు. 'అందరికీ' రెండుసార్లు వచ్చింది. 'శుభోదయం' అన్నది, వినేవాడు రాత్రి పదకొండింటికి వింటున్నాడు. రేడియోకు గడియారం ఉంది కాబట్టి అనౌన్సరు వేళ చెప్పగలడు. పాడ్‌కాస్ట్‌కు ఆ గడియారం లేదు. 'నేను మీ' అన్నది ఎఫ్ఎం స్టేషన్లలో బాగా అరిగిన మాట. ఇంకా పరిచయమే కాకముందు చనువు తీసుకున్నట్టు ఉంటుంది.

దాన్నే ఇలా మార్చవచ్చు: 'నమస్కారమండీ. బాగున్నారా? ... సరే అయితే. పొద్దున దుగ్గిరాల నుంచి వస్తుంటే దారంతా పసుపు ఉడకబెట్టిన వాసన. ఆ వాసన మీకు తెలిస్తే నేను చెప్పక్కర్లేదు. తెలియకపోతే, ముందు దాని గురించే చెబుతాను.' ఇక్కడ వేళ చెప్పింది, కానీ వినేవాడి వేళ కాదు, తన వేళ. 'పొద్దున' ఆమెది. అది ఎప్పుడు విన్నా నిజమే. 'సరే అయితే' జవాబును అందుకుంది. 'మీకు తెలిస్తే' అన్నప్పుడు వినేవాడు నిజంగా తనలో తాను తేల్చుకుంటాడు, తెలుసనో తెలియదనో. రెండింటికీ ఆమె దగ్గర తరువాతి మాట ఉంది, కాబట్టి ఎటు చెప్పినా అతను సంభాషణలోనే ఉన్నాడు. వంతు ఇవ్వడమంటే ఇదే. పేరు చెప్పలేదేమని అడగవచ్చు. చెప్పాలి, ఆ వాసన సంగతి అయ్యాక చెప్పవచ్చు. దారిలో కలిసిన మనిషితో మాట మొదలయ్యాకే కదా 'ఇంతకీ మీదే ఊరు' అంటాం.

కాగితం మీద సరిపోయినది మైకులో సరిపోవాలంటే దూరం కుదరాలి. పెదవుల నుంచి మైకుకు జానెడు ఉంటే ఎదురుగా కూర్చున్న మనిషి గొంతులా వస్తుంది. ఒక పక్క నుంచే వినే రకం మైకులకు బాగా దగ్గరగా జరిగితే గొంతులోని కింది స్వరాలు బరువెక్కుతాయి. దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. కొంచెం ఉంటే ఆప్యాయంగా ఉంటుంది, ఎక్కువైతే చెవిలో గుసగుసలాడినట్టు, ముక్కూ మొహం తెలియనివాడు మీద పడ్డట్టు ఉంటుంది. మొదటి అక్షరం కూడా చూసుకోవాలి. అరచేయి పెదవుల ముందు పెట్టుకుని 'ప్రియమైన' అనండి, గాలి తగులుతుంది. మైకులో అది ధబ్బుమని పేలుతుంది. 'నమస్కారం' అనండి, ఆ నకారానికి గాలి పేలదు, గొంతు మెత్తగా లోపలికి వస్తుంది. 'బాగున్నారా'లోని బకారానికి మొహం మైకుకు కాస్త పక్కగా తిప్పితే చాలు.

రికార్డింగు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మొదటి పది సెకన్లు ఇయర్‌ఫోన్లో వినాలి, స్పీకర్లో కాదు. స్పీకర్లో సభ గొంతు కూడా బాగానే ఉంటుంది. అది చెవిలో పెట్టుకున్నప్పుడే అరుస్తున్నట్టు తెలుస్తుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆ పలకరింపును కాగితం చూడకుండా, చేయి చాస్తే అందే దూరంలో కూర్చున్న ఒక మనిషితో అని చూడాలి. 'శ్రోతలందరికీ హృదయపూర్వక స్వాగతం' అని ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ అనలేరు, నవ్వొస్తుంది. 'నమస్కారమండీ, బాగున్నారా?' అంటే అవతలి మనిషి జవాబు చెబుతారు. ఆ జవాబుకు ఎంతసేపు పట్టిందో గుర్తుపెట్టుకుని, రికార్డింగులో అంతే ఖాళీ వదలాలి.

ఇది సాధించినా హద్దు ఒకటి మిగిలే ఉంటుంది. ఒకసారి ఇయర్‌ఫోన్లో విన్న పాడ్‌కాస్టే ఇంకోసారి బాపట్ల వెళ్ళే కారులో నలుగురి మధ్య మోగుతుంది. వినేవాళ్ళ లెక్క మళ్ళీ పెరిగింది. 'నువ్వు' అని మొదలుపెట్టినవాళ్ళ పలకరింపు అక్కడ ఎబ్బెట్టుగా ఉంటుంది, అది ఎవరితో అన్నదో తెలియదు. ఈ మధ్య కుర్రవాళ్ళ పాడ్‌కాస్టుల్లో దగ్గరితనం కోసం నువ్వు, రా, బ్రో అనడం ఎక్కువైంది. స్నేహితుల మధ్య అది దగ్గరే. కానీ కారులో పక్కన నాయనమ్మ కూర్చుని ఉంటే ఆవిడ వినేవాళ్ళ లెక్కలోంచి జారిపోతుంది. 'మీరు' అయితే ముందు సీట్లో కుర్రాడికీ, వెనక సీట్లో నాయనమ్మకూ ఒకేసారి చెల్లుతుంది, ఇద్దరూ తమనే అడిగారనుకుంటారు.